అష్టాచెమ్మ నుంచి లూడోకు

ఈ సంచికలోని కథలో ఇద్దరు మిత్రులు కలుసుకునేది ఫోన్‌లో, లూడో గడుల మీద. ఒకరు జగిత్యాల వైపు నుంచి దుబాయికి, ఇంకొకరు నిర్మల్ నుంచి డాలస్‌కు వెళ్లినవారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఒకే అరుగు మీద అష్టాచెమ్మ ఆడుకున్నవాళ్లే.

2020 లాక్‌డౌన్‌లో లూడో కింగ్ ఎందరి ఇళ్లలోకో వచ్చింది. ఒకరు గది తెరిచి కోడ్ పంపితే మిగతావాళ్లు చేరవచ్చు. కథలో ఆ కోడ్ ఒక బంధువు ద్వారా ఇద్దరికీ అందుతుంది. తెర మీద ఉన్నవి మారుపేర్లే.

గుర్తుపట్టింది ఆటతీరును బట్టి. అష్టాచెమ్మలో సుద్దముక్కతో అయిదు గడులు అడ్డం, అయిదు నిలువు గీసి, నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. మన ఊళ్లలో చాలాచోట్ల, ఎదుటి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి వరుసలోకి పోనివ్వరు. మామూలు లూడోలో ఆ కట్టడి లేదు. అయినా కథలోని ఎర్రకాయల ఆటగాడు ఇంటి దారి వదిలేసి వేటకే వెళ్తాడు. డాలస్‌లో ఉన్న మిత్రుడికి ఆ పట్టుదల ఎవరిదో తెలిసిపోతుంది.

ఎండాకాలంలో ఆ రెండు నగరాలకు తేడా తొమ్మిది గంటలు. ఒకరు డ్యూటీ దిగి వచ్చే రాత్రి ఇంకొకరికి మధ్యాహ్నం. రచయిత ఈ తేడాను దాటవేయలేదు. నాకు కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మీ ఊళ్లో అష్టాచెమ్మ నియమాలు వేరుగా ఉంటే మాకు రాసి పంపండి.