అనగా తేది

మా బంధువుల ఇంటి నుంచి ఈమధ్య ఒక శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, కింద పెద్దల పేర్లు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ‘స్వస్తిశ్రీ చాంద్రమాన’ తర్వాత ఉండాల్సిన సంవత్సరం పేరు మాత్రం లేదు. నేరుగా మాసం, తిథి, వారం, ఆపైన ‘అనగా తేది’ అంటూ ఇంగ్లీషు తేదీ. పెళ్లికొడుకు తండ్రి నాకు బావ వరస. ఫోన్ చేసి అడిగాను.

“పెళ్లికార్డు మీద పరాభవ అని ఎలా వేయించమంటావు బావా? చదివినవాడల్లా నవ్వడూ?” అన్నాడు. తీసేద్దామన్న సలహా ప్రెస్సులో కుర్రాడిదేనట.

శుభలేఖలోని ఆ తేదీ వాక్యంలో అసలైన మాట ‘అనగా’. దానికి ముందున్నది ఎవరూ చదవరు, తర్వాతున్న తేదీ చూసి సెలవు పెట్టుకుంటారు. కానీ భయాలన్నీ ముందున్న సగంలోనే ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్చి చూస్తే ఎంత మిగులుతుందో చూద్దాం.

మొదట తిథి. విదియ, తదియ, చవితి అంటే రెండోది, మూడోది, నాలుగోది. అష్టమి, నవమి అని వినగానే ప్రయాణం మానుకునే మనిషి, ఎనిమిది తొమ్మిది అని వింటే మానుకోడు. ఈ అంకెలు లెక్కపెట్టేది రోజులను కాదు, కోణాన్ని. అమావాస్య ముగిసే క్షణానికి సూర్యచంద్రులు ఆకాశంలో ఒకే దిక్కున ఉంటారు. అక్కణ్ణుంచి చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు దూరం జరిగేసరికి పాడ్యమి అయిపోతుంది, 24 డిగ్రీలకు విదియ. అలా 30 తిథులకు 360 డిగ్రీలు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగానూ, దూరంగా ఉన్నప్పుడు మెల్లగానూ నడుస్తాడు గనక ఒక్కో తిథి దాదాపు 20 గంటల నుంచి 27 గంటల దాకా ఉంటుంది. అందుకే తిథికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు తేదీ ఉండదు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు పెట్టడం మనం చేసుకున్న ఏర్పాటు.

ఆ ఏర్పాటు ఈ ఏడాది ఉగాదినాడే తడబడింది. 2026 మార్చి 19 గురువారం హైదరాబాదులో ఆరున్నర లోపే పొద్దు పొడిచింది. అప్పటికింకా అమావాస్యే. అది 6 గంటల 53 నిమిషాలకు ముగిసి పాడ్యమి మొదలైంది. ఆ పాడ్యమి 22 గంటలే ఉండి, మర్నాడు తెల్లవారకముందే, ఐదు గంటల లోపే వెళ్లిపోయింది. అంటే ఏ సూర్యోదయాన్నీ చూడని పాడ్యమి. దీన్నే క్షయ తిథి అంటారు. అలా వస్తే పండుగ ముందురోజునే చేసుకోవాలని నియమం ఉంది గనక గురువారమే ఉగాది అయింది. అమావాస్య పూట గడప దాటని ఇళ్లలో కూడా ఆ ఉదయం తలంటుకుని, కొత్తబట్టలు కట్టుకుని, వేపపువ్వు కోసుకొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు ఆ క్షయం కూడా లేదు. మనకు ఉదయం 6.53 అంటే వాళ్లకు ముందురోజు రాత్రి 9.23. వాళ్లు నిద్రలేచేసరికి నిక్షేపంలాంటి పాడ్యమి. సూర్యుడూ చంద్రుడూ ఆ కోణమూ అందరికీ ఒకటే. పొద్దు పొడిచే వేళ మాత్రమే మారింది. హైదరాబాదులో క్షయమై న్యూజెర్సీలో కాని తిథి మనుషులకు కీడెలా చేస్తుందో చెప్పాల్సినవాళ్లు చెప్పాలి.

నెలల పేర్లతో పెద్ద పేచీ లేదు. పున్నమినాటి చంద్రుడు చిత్త దగ్గర ఉంటే చైత్రం, విశాఖ దగ్గర ఉంటే వైశాఖం. మనం అమావాస్యతో నెల ముగిస్తాం, ఉత్తరాదివారు పున్నమితో ముగిస్తారు. అందువల్ల మనం మాఘ బహుళ చతుర్దశి నాడు శివరాత్రి జాగారం చేస్తుంటే, అదే రాత్రిని కాశీలో ఫాల్గుణమంటారు. శివుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఇక మా బావ కొట్టేయించిన సంవత్సరం పేరు. దీనికి పంచాంగం కూడా అక్కర్లేదు. 1987 ఉగాదితో మొదలైంది ప్రభవ. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1987 తీసేసి ఒకటి కలిపితే వరస సంఖ్య వస్తుంది. 2026లో 1987 పోతే 39, ఒకటి కలిపితే 40. జాబితాలో నలభయ్యోది పరాభవ. ఈ అరవై పేర్లకు మూలం గురుగ్రహం. అది సగటున 361 రోజులకు ఒక రాశి దాటుతుంది. మన ఏడాది కంటే నాలుగు రోజులు తక్కువ. ఆ తేడా పోగై, ఎనభై అయిదేళ్లకు అటూఇటూగా ఒక పేరు వదిలేయాల్సి వస్తుంది. ఉత్తరాదివారు వదిలేస్తూ వచ్చారు, మనవాళ్లు వెయ్యేళ్ల కిందటే ఆ పని మానేశారు. ఫలితంగా నిరుడు మనకు విశ్వావసు అయితే ఉత్తరాదిన సిద్ధార్థి. మన జాబితాలో మొదటిది 39, రెండోది 53. అంటే ఇప్పుడు మన సంవత్సరం పేరుకు ఆకాశంలో గురువుతో సంబంధమే లేదు. బడి హాజరుపట్టీలో పేర్ల లాగా వరసగా పిలుచుకుంటూ పోతున్నామంతే.

పేరును బట్టి ఫలం ఉంటుందంటే, మన కరువులనే అడగాలి. నందన అంటే ఆనందం కలిగించేది. 1832 ఉగాదికి వచ్చిన ఏడాది నందన. వానలు మొహం చాటేసిన ఆ ఏడాది గుంటూరు సీమలో లక్షకు పైగా జనం తిండి లేక చచ్చిపోయారు. డొక్కల కరువు, నందన కరువు అని తెలుగువాళ్లు చెప్పుకునేది దాన్నే. ధాత అంటే పోషించేవాడు. 1876లో ధాత నామ సంవత్సరం రాయలసీమను మలమల మాడ్చింది. ధాత కరువు అంటే పాత తరంవాళ్లకు ఇప్పటికీ తెలుసు. శుభాలు చేసేది శుభకృత్తు. 1962లో చైనా యుద్ధం వచ్చింది ఆ ఏడాదే. మరి కిందటి పరాభవలో ఏం జరిగింది? 1966 నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. కొద్దికాలంలోనే అది గోదావరి జిల్లాల పొలాల్లోకి వచ్చి, ఎకరం దిగుబడి లెక్కలు మార్చేసింది. ఆ ఏడాదే విశాఖ ఉక్కు ఉద్యమంలో కాల్పులూ జరిగాయి. మంచీ చెడూ రెండూ లేని ఏడాది ఒక్కటీ దొరకదు. పేరు చూసి వెతికేవాడికి కావలసింది మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది.

ఇవన్నీ బావకు చెప్పాను. “నాకు తెలియక కాదు బావా, వియ్యపురాలు ఊరుకోదు” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

1832 తర్వాత నందన మళ్లీ 1892లో, 1952లో, 2012లో వచ్చింది. గుంటూరు సీమలో అంత చావు మళ్లీ రాలేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువలకు నీళ్లు వచ్చాయి. 2012 ఉగాది తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలులో ఉన్నారు. వాళ్ల జాతకాల్లో నందన అని రాసి ఉంటుంది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే డొక్కల కరువు ఏడాది పేరు కూడా అదేనని చెప్పండి. చెప్పేటప్పుడు ఆనకట్ట సంగతి మరిచిపోకండి.