పర్మిషన్లన్నీ తీసేశారా? కాంటాక్ట్స్ సంగతి ముందు చూడండి

ఆన్‌లైన్ మోసాలకు జడిసి, అమ్మానాన్నల ఫోన్‌లో వాట్సాప్‌కి పర్మిషన్లన్నీ తీసేసి నిశ్చింతగా ఉన్నవారు ఈరోజే ఆ ఫోన్ మళ్లీ తెరిచి చూడాలి. మైక్, కెమెరా, లొకేషన్ ఆపితే ఏది పనిచేయడం లేదో వెంటనే తెలుస్తుంది. కాంటాక్ట్స్ ఆపితే అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

కాంటాక్ట్స్ లేకున్నా మెసేజ్‌లు వస్తాయి, పోతాయి. అయితే ఫోన్‌లో మనం రాసుకున్న పేర్లను యాప్ చదవలేదు కాబట్టి వాటి చోట నంబర్లు వస్తాయి. గ్రూపుల్లో నంబరు పక్కన ~ గుర్తుతో ఒక పేరు కనిపిస్తుంది. అది అవతలివారు తమకు తాము పెట్టుకున్నది. ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

కరీంనగర్‌లో తల్లి, డాలస్‌లో కొడుకు ఉన్నారనుకోండి. పర్మిషన్ ఉన్నప్పుడు కొడుకు మెసేజ్ ఆమె సేవ్ చేసుకున్న పేరుతోనే వచ్చేది. కొత్త నంబరు నుంచి "అమ్మా, నా ఫోన్ పోయింది, అర్జెంటుగా డబ్బు పంపు" అని వస్తే, పేరు లేదన్న అనుమానం ఆమెకు కలిగేది. ఇప్పుడు కొడుకూ నంబరే, మోసగాడూ నంబరే. మోసగాడు కొడుకు ఫొటో ప్రొఫైల్‌కి పెట్టుకుంటే ఇద్దరినీ వేరుచేసి చూపేది అంకెలే. కంగారులో ఉన్న తల్లి అంకెలు సరిచూస్తుందా?

కాంటాక్ట్స్ ఇస్తే మన జాబితాలోని నంబర్లు, వాట్సాప్ వాడనివారివి సహా, కంపెనీకి చేరతాయి. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా పెద్దవాళ్ల ఫోన్‌లో దానికన్నా పేర్లు కనబడటమే ముఖ్యమని నా అభిప్రాయం.

మిగతావి అవసరాన్ని బట్టి ఇవ్వండి. మైక్ లేకపోతే వాయిస్ మెసేజ్ రికార్డు కాదు, కాల్‌లో మన గొంతు అవతలికి వెళ్లదు. ఆపదలో కాల్ చేసే మనిషికి అది ప్రాణాల మీదికి రావచ్చు. కాబట్టి మైక్‌కి Allow only while using the app ఉంచండి. కెమెరా ఆపితే వీడియో కాల్‌లో మన ముఖం కనబడదు, కంప్యూటర్‌కి కలిపే క్యూఆర్ కోడ్ స్కాన్ కాదు. లొకేషన్ ఆపితే మనం ఎక్కడున్నామో పంపలేం, అంతే. దీనికి పంపేటప్పుడు Only this time చాలు. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు Don't allow నొక్కితే యాప్ మళ్లీ అడగదు. అప్పుడు Settings, Apps, WhatsApp, Permissions వరుసలో వెళ్లి మార్చాలి.

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైలు సంగతి వేరు. దాన్ని ఇన్‌స్టాల్ చేయగానే ఎస్‌ఎంఎస్ చదివే అనుమతో, యాక్సెసిబిలిటీనో అడుగుతుంది. మొదటిది ఇస్తే ఓటీపీలు చదువుతుంది, రెండోది ఇస్తే మన తెర చూస్తూ మన బదులు నొక్కుతుంది. పత్రిక చూపించడానికి ఆ రెండూ అక్కర్లేదు. ఇచ్చేసి ఉంటే ముందు నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ 1930కీ కాల్ చేయండి.