మూట ముడి విప్పని మీమ్

కర్పూరం, లవంగాలు, వాము మూటకట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని 2021 ఏప్రిల్‌లో తిరిగిన మెసేజ్ మా నరసరావుపేట ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. వెనకాలే ‘వాట్సాప్ యూనివర్సిటీ’ మీమ్‌లు. వాటితోనే నా పేచీ. అవి పెద్దమ్మని వెక్కిరించాయి తప్ప మూట ముడి విప్పలేదు. పెద్దమ్మ అబద్ధమాడలేదు. కర్పూరం ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. ముక్కు దారి మాత్రం వెడల్పవదు, రక్తంలో ఆక్సిజనూ పెరగదు. ప్రమాదం సరిగ్గా ఆ హాయిలోనే ఉంది: బాగానే ఉందిగా అని ఆసుపత్రికి ఆలస్యం చేస్తారు.

మూటకి ముందూ తర్వాతా ఆక్సీమీటర్ అంకె చూపించండి. ‘పీల్చాక కూడా 92 దగ్గరే ఉంది, డాక్టర్ దగ్గరకి పద పెద్దమ్మా’ అనే మాటకి ఎవరూ నవ్వరు. ఆవిడ మాత్రం లేచి బయల్దేరుతుంది. మీమ్ ఆ పని ఎన్నడూ చెయ్యలేదు.