పాత మెమోలో సున్నా.. తప్పిన లెక్క!

ధూల్‌పేట్‌లో వాళ్లింటి ముందు షెడ్డులో వినాయక విగ్రహాలు ఆరుతున్నాయి. లోపల మంచం మీద మెమోలన్నీ పరుచుకుని కూర్చున్నాడు మా జూనియర్. ‘అన్నా, ఆఫర్ పోయినట్టే. లాస్ట్ సెమ్‌ల అన్నిట్ల ఏ ప్లస్ రావాల్నంట. నాతోని కాదు’ అన్నాడు. ఇప్పటిదాకా అతనికి ఏ ప్లస్ వచ్చింది రెండు ల్యాబుల్లోనే!

క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్‌కు కంపెనీ పెట్టిన షరతు 60 శాతం. జేఎన్‌టీయూహెచ్ పద్ధతిలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి, పదితో గుణిస్తే శాతం వస్తుంది. అంటే కావాల్సింది 6.5. మొత్తం క్రెడిట్లు 160 కాబట్టి నాలుగేళ్లకూ కలిపి 1040 పాయింట్లు ఉండాలి. ఏడు సెమిస్టర్లకు 140 క్రెడిట్లు అయిపోయాయి. ఒక్కో మెమోలో ఉన్న ఎస్‌జీపీఏను ఆ సెమిస్టర్ క్రెడిట్లతో గుణించి కూడాడు, 860 వచ్చింది. ఇంకా 180 కావాలి. చివరి సెమిస్టర్‌లో ఉన్నవి 20 క్రెడిట్లే. సగటున 9 పాయింట్లు, అంటే ఏ ప్లస్. గుణకారం, కూడిక అన్నీ కరెక్టే. అందుకే రెండు వారాలుగా అదే నిజమనుకుని నిద్ర మానేశాడు. జాయిన్ కాలేనని కంపెనీకి మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాడు, పంపడమే తరువాయి.

నేను మెమోలు ఒక్కొక్కటీ తిరగేశాను. మొదటి సెమిస్టర్‌ది చూడగానే ఆగిపోయాను. ఎస్‌జీపీఏ 4.67. మ్యాథ్స్ వరుసలో ఎఫ్. ‘ఇది క్లియర్ చేసినవ్ కదరా?’ అంటే, ‘ఎప్పుడో సప్లీలో పాసైన అన్నా’ అని ఇంకో కాగితం తీశాడు. అందులో మ్యాథ్స్ ఒక్కటే ఉంది, గ్రేడ్ సీ. ఎస్‌జీపీఏ లేదు. గుణించడానికి అంకె కనపడలేదు కాబట్టి ఆ కాగితాన్ని లెక్కలోకే తీసుకోలేదు!

ఫెయిలైనప్పుడు ఆ సబ్జెక్టు క్రెడిట్లు లెక్కలో ఉంటాయి, పాయింట్లు మాత్రం సున్నా. పాసయ్యాక కొత్త గ్రేడ్‌నే ఎస్‌జీపీఏకి, సీజీపీఏకి తీసుకుంటారు. ఇది యూనివర్సిటీ నిబంధనల్లోనే ఉంది. కానీ చేతిలో ఉన్న పాత మెమో తనంతట తాను మారదు కదా. మ్యాథ్స్‌కు 4 క్రెడిట్లు, సీ గ్రేడ్‌కు 5 పాయింట్లు, మొత్తం 20. ఆ సెమిస్టర్ ఎస్‌జీపీఏ 4.67 కాదు, 5.78. ఏడు సెమిస్టర్ల మొత్తం 860 కాదు, 880.

ఇక కావాల్సింది 160. దాన్ని 20 క్రెడిట్లతో భాగిస్తే 8, అంటే ఏ గ్రేడ్. 80 మార్కులు దాటాలనుకున్నచోట 70 చాలు. మొదటి ఏడాది సబ్జెక్టు ఒక్కటి ఇంత తేడా తెస్తుందా అని వాడికి నమ్మకం కుదరలేదు. 160 క్రెడిట్ల మీద చూస్తే ఆ 20 పాయింట్లు సీజీపీఏలో 0.125 మాత్రమే. కానీ మిగిలింది ఒక్క సెమిస్టరే కాబట్టి ఆ భారమంతా దానిమీదే పడుతుంది.

సగటు 8 అంటే ప్రతి సబ్జెక్టులోనూ ఏ రావాలని కాదు. వాడికి ప్రాజెక్టు 9 క్రెడిట్లు, సెమినార్ 2, మూడు థియరీ సబ్జెక్టులు మూడేసి. ప్రాజెక్టు బాగా నడుస్తోంది, రివ్యూల్లో మంచి మార్కులే పడ్డాయి. దానికీ సెమినార్‌కూ ఏ ప్లస్ వస్తే 99 పాయింట్లు. మిగతా 61 థియరీ నుంచి రావాలి. మూడింటిలోనూ బీ ప్లస్ తెచ్చుకుంటే 63, గట్టెక్కుతాడు. ఒక్కదాంట్లో బీ పడినా 60 దగ్గర ఆగిపోతాడు, సీజీపీఏ 6.49 అవుతుంది. కంపెనీ దాన్ని 6.5గా తీసుకుంటుందని ఆశ పెట్టుకోవద్దని వాడికి గట్టిగా చెప్పాను. బీ ప్లస్ అంటే 60 మార్కులు. ఇంటర్నల్స్‌లో 40కి 20 ఉంటే, యూనివర్సిటీ పరీక్షలో 60కి 40 తెచ్చుకోవాలి. పాత లెక్క ప్రకారమైతే అదే పరీక్షలో 60 కావాలి.

నన్నడిగితే తప్పు పూర్తిగా వాడిది కాదు. సప్లీ ఫలితంతోపాటు సవరించిన ఎస్‌జీపీఏ కూడా ఇస్తే ఈ గొడవే ఉండదు. ఫోన్‌లో దొరికే క్యాలిక్యులేటర్లు కూడా ఎస్‌జీపీఏనే అడుగుతాయి, అది పాతదో కొత్తదో వాటికేం తెలుసు? అందుకే బ్యాక్‌లాగ్ ఒక్కటి ఉన్నా ఎస్‌జీపీఏలను పక్కన పెట్టి, సబ్జెక్టుల వారీగా రాసుకోండి. పేరు, క్రెడిట్లు, చివరిగా వచ్చిన గ్రేడ్ పాయింట్, రెండింటి లబ్ధం. యాభై, అరవై వరుసలు అవుతాయి, ఒక సాయంత్రం పడుతుంది. పూర్తయ్యాక పాయింట్ల గడిలో ఎక్కడైనా సున్నా మిగిలిందేమో చూడండి. ఉంటే అది ఇంకా పాస్ కానిదైనా అయ్యుండాలి, మీరు మర్చిపోయిన సప్లీ అయినా అయ్యుండాలి. మొదటిదే అయితే శాతం సంగతి తర్వాత. బ్యాక్‌లాగ్ మిగిలి ఉంటే జాయినింగ్‌కే చిక్కు, ఆఫర్ లెటర్‌లో ఆ షరతు విడిగా ఉందేమో చదువుకోండి.

వాడు ఆ రాత్రే డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్ డిలీట్ చేశాడు. పొద్దున్నే మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, మూడిట్ల ఏది కష్టమో అదే ముందు మొదలువెట్టిన.’