ఏడుపు ఫోటో కాదు, లెక్క పెట్టండి

ఆఫీసు మెయిల్లో మళ్ళీ ఓ ఏడుస్తున్న పాప ఫోటో, కింద అకౌంటు నంబరు. ఎంత కావాలో ఉండదు, వచ్చినదాంతో ఏం చేశారో ఎప్పటికీ తెలీదు. నాకు ఒళ్ళుమండేది ఇక్కడే.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు పైగా వదిలితే రేపల్లె వైపు లంకలు మునిగాయి. అలాంటప్పుడు ఓ చిన్న సంస్థ "200 ఇళ్ళు, ఇంటికి 600 రూపాయల సరుకులు, మొత్తం 1,20,000. అంత రాగానే ఆపేస్తాం" అని అడిగిందనుకోండి (లెక్క నా ఊహే). ఆపేలోపే 1,38,000 వచ్చింది. తెనాలిలో హోల్‌సేల్‌గా కొంటే సంచి 570కే పడింది. పది కుటుంబాలు బాపట్లలో చుట్టాలింటికెళ్ళాయి, పంచినవి 190. సరుకులకి 1,08,300, ఆటోలకి 3,700, మిగులు 26,000. ఇదంతా బిల్లులతో సహా పెట్టాలి. ఆటో ఖర్చు దాచేసి "ప్రతి రూపాయీ పేదలకే" అనడం ఇంకో అబద్ధం. మిగులు వెనక్కివ్వాలా, వేరే పనికి వాడాలా అన్నది ఇచ్చినవాళ్ళనే అడగాలి.

ఫలితం కూడా అంతే. "190 సంచులు చేరాయి" అన్నది నిజం. "190 కుటుంబాలు నిలదొక్కుకున్నాయి" అన్నది మీకెలా తెలుసండీ? వారం తర్వాత ఇరవై ఇళ్ళకెళ్ళి అడగండి. పొయ్యి తడిసి బియ్యం వండుకోలేకపోయామంటే అదీ రాయండి.

"ఏడిపించకపోతే డబ్బులు రావు" అంటారు. తగ్గుతాయేమో, తగ్గనీండి. నీళ్ళు తీశాక ఆ పాప బడికెళ్ళాలి, ఆ ఫోటో ఊరంతా ఫోన్లలో ఉంటుంది.