‘పాడించబడ్డాను’ ఎవరి తెలుగు?

బెజవాడలో జపనీస్ నేర్పే గదిలో బోర్డు మీద ‘నేను పాట పాడించబడ్డాను’ అని కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి తెలుగయ్యా ఇది? బందరు నుంచి మైలవరం దాకా ఏ మనిషీ నోరు తెరిచి ఇలా అనడు. ‘పార్టీలో మా సీనియర్ నాతో పాట పాడించాడు’ అంటాడు. ఇంగ్లీషు పుస్తకంలోని ‘వాజ్ మేడ్ టు’ని అరువు తెచ్చి, తెలుగులోకి ఈడ్చి, అక్కణ్నుంచి జపనీస్‌లోకి తోలడం ఏం చదువు? ఇంటి ముందు కాలవ పారుతుంటే నీళ్ల ట్యాంకరుకి ఫోను చేయడమే ఇది.

మనకి ‘ఇంచు’ ఉంది. పాడు, పాడించు. జపనీస్‌లో ఉతౌ, ఉతవసెరు. ఇంతవరకూ తెలుగు పిల్లలకి కొత్తేమీ లేదు. గండం ఆ తర్వాత వచ్చే ‘ఉతవసరెరు’లో ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి మాస్టార్లు ఇరవై క్రియల పట్టిక ఇచ్చి, రూపాలు బట్టీ పట్టించి చేతులు దులుపుకుంటారు.

గుడివాడ కుర్రాడొకడు తోక్యో ఆఫీసులో చేరాడనుకుందాం. విందులో సీనియర్ మైకు చేతికిచ్చి పాడేదాకా వదల్లేదు. ‘సెంపయి-వ వతషి-ని ఉత-ఒ ఉతవసెత’ అంటే సీనియర్ నాతో పాడించాడని. ఇక్కడ ‘ని’ మన ‘తో’ చేసే పనే చేస్తుంది. కానీ జపాన్‌వాళ్లు ఇలాంటప్పుడు ఎక్కువగా కథని ఇబ్బంది పడ్డవాడి వైపు నుంచి చెబుతారు: ‘వతషి-వ సెంపయి-ని ఉత-ఒ ఉతవసరెత.’ చూడండి, అదే ‘ని’ ఇప్పుడు బలవంతపెట్టినవాడి పక్కన చేరింది. మన కుర్రాడి బుర్రలో మాత్రం ‘నాతో’ అలాగే తిరుగుతుంటుంది. అందుకే ‘వతషి-ని ఉతవసరెత’ అనేస్తాడు. దాని అర్థం తెలుసా? ‘నేనే ఎవరిచేతనో బలవంతాన పాడించాను’ అని! బాధ చెప్పుకోబోయి నేరం ఒప్పుకున్నాడు. ఎదుటివాడు మర్యాదకి తలాడిస్తాడు, వీడికి తెలియనే తెలియదు.

పరీక్ష చేసుకోవడం తేలిక. క్రియ చివర ‘సెత’ ఉంటే ‘ని’ పక్కన ఉన్నవాడు పని చేసినవాడు. ‘సరెత’, ‘సెరరెత’ ఉంటే ‘ని’ పక్కన ఉన్నవాడు చేయించినవాడు. ఈ ఒక్కటీ నోటికి పట్టేదాకా పట్టిక ముట్టుకోవద్దు. రూపాల్లో జాగ్రత్తపడాల్సింది కొంచెమే: ‘మత్సు’ లాంటివి ‘మతసరెరు’ అని కురచవుతాయి, ‘తబెరు’ కాదు, అది ‘తబెససెరరెరు’గానే ఉంటుంది, ‘హనసు’లా ‘సు’తో ముగిసేవీ అంతే, ‘హనససెరరెరు’.

అసలు మంట ఇంకోచోట ఉంది. మనం ‘టైలర్‌తో చొక్కా కుట్టించాను’ అని హాయిగా అంటాం. అందులో అధికారం లేదు, కూలిచ్చి చేయించుకున్నాం. జపనీస్‌లో ‘నువసెత’ అంటే వాడి మెడ మీద కూర్చుని కుట్టించినట్టు. అక్కడ ‘నుత్తె మొరత్త’ అనాలి, అంటే కుట్టిపెట్టే ఉపకారం పొందానని. డాక్టరు దగ్గర చూపించుకున్నా ఇదే పద్ధతి: ‘మితె మొరత్త.’

2019 ఏప్రిల్‌లో జపాన్ నిర్దిష్ట నైపుణ్య వీసా తెచ్చింది, 2021 జనవరిలో ఇండియా దానిపై ఒప్పందం కుదుర్చుకుంది. వృద్ధుల సంరక్షణ అందులో ఒక పని. ‘తాతగారికి అన్నం తినిపించాను’ అన్న మాటలో మనకి ప్రేమ వినబడుతుంది. అదే రికార్డులో ‘తబెససెత’ అని రాస్తే ఆ పెద్దాయన చేత బలవంతాన మింగించినట్టు చదువుకోవచ్చు. ‘షొకుజి-నొ కయిజొ-ఒ షిత’, భోజనానికి సాయం చేశాను, అని రాయాలి. ఉద్యోగానికి పంపే ముందు ఈ తేడా చెప్పని మాస్టారుకి ఫీజెందుకు?

ఇంకొకటి. తెలుగులో ‘పంపించాడు’, ‘వెళ్లనిచ్చాడు’ వేర్వేరు. జపనీస్ ‘ఇకసెత’ రెండింటికీ సరిపోతుంది. నాన్న అనుమతి ఇచ్చాడని సంతోషంగా చెప్పాలంటే ‘ఇకసెతె కురెత’. ‘ఇకసరెత’లో మాత్రం అనుమతికి చోటు లేదు, ఇష్టం లేకుండా వెళ్లాల్సొచ్చిందనే. ఎంపీసీలో చేరనన్నా చేర్పించిన తండ్రుల ఊళ్లో ఈ రూపానికి ఉదాహరణలు వెతుక్కోవాలా? ఒక మినహాయింపు: ‘కంగఎససెరరెత’ అంటే తప్పకుండా అయిష్టమే కాదు; ఒక సినిమా చూసి ఆలోచనలో పడ్డాను అనడానికి కూడా వాడతారు.

ఇక ఆ కుర్రాడు మర్నాడు సీనియర్ ముందే ‘ఉతవసరెత’ అంటే అది ఫిర్యాదే. నిజంగా సంతోషపడి ఉంటే ‘ఉతవసెతె ఇతదకిమషిత’ అనాలి. ఏ ముఖానికి ఏ రూపమో నేర్పకుండా రూపాలు నేర్పడం మోసం.

జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, వాక్యం రాసే పరీక్షా లేదు. పై స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ‘వతషి-ని ఉతవసరెత’ అనేవాళ్లు అలాగే దాటిపోతారు. మాస్టార్లూ, ఆ బోర్డు తుడిచేయండి. ఒక్క సంఘటన ఇచ్చి, చేయించినవాడి వైపు నుంచి ఒకటి, ఇబ్బంది పడ్డవాడి వైపు నుంచి ఒకటి, రెండు వాక్యాలు పిల్లల నోట పలికించండి.