గట్టు దాటేది విత్తనమే, చదువు కాదు

కొత్త వంగడం ఊళ్లోకి రావడానికి అధికారి అక్కర్లేదు, మీటింగు అక్కర్లేదు. మారుటేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, మన డెల్టా దాటి ఒడిశాకు, బెంగాల్‌కు పాకింది. బాపట్ల సాంబమసూరి కూడా అలాగే రాష్ట్రాలు దాటింది. పక్క చేలో కంకి కనబడుతుంది. కోత అయ్యాక ఎన్ని బస్తాలు వచ్చాయో ఊరంతా తెలుస్తుంది. రెండు కుంచాలు అడిగి తెచ్చుకుంటే మరుసటి ఏటికి మన చేలోనూ అదే ఉంటుంది.

ఇది చూసే మన వ్యవసాయ విస్తరణ పథకాలు రాసేవాళ్లు అన్నీ ఇలాగే పాకుతాయని అనుకున్నారు. ఊరికి ఒకరిద్దరికి చెబితే చాలు, మిగతావాళ్లు వాళ్లను చూసి నేర్చుకుంటారన్నారు. ఈ లెక్క ఎక్కడ తప్పిందో, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో తేల్చుకోకుండా ఎన్ని కేంద్రాలు కట్టినా, ఎన్ని యాప్‌లు తెచ్చినా ఫలితం ఇంతే.

ఈ లెక్క పాతదే. 1970లలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో 'శిక్షణ, సందర్శన' పద్ధతి మన దేశానికి వచ్చింది. గ్రామ స్థాయి ఉద్యోగి పదిహేను రోజులకొకసారి వచ్చి ఎంపిక చేసిన కొద్దిమంది రైతులకు పాఠం చెబుతాడు, వాళ్లు మిగతావాళ్లకు చెబుతారు. తర్వాత మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో ఆదర్శ రైతులు వచ్చారు. పేరు మారింది కానీ ఊహ అదే. వాళ్ల ఎంపికలో వ్యవసాయం కంటే రాజకీయం ఎక్కువ పనిచేసిందని ఊళ్లల్లో అందరికీ తెలుసు. 2014 తర్వాత రెండు రాష్ట్రాలూ ఆ పథకాన్ని ఎత్తేశాయి.

మరి సలహా నిజంగా ఎవరి దగ్గర్నుంచి వస్తోంది? జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో దేశమంతా అడిగింది. రైతు కుటుంబాల్లో అరవై శాతానికి ఎక్కడి నుంచీ కొత్త సమాచారం అందలేదు. అందినవాళ్లలో ఎక్కువమంది తోటి రైతు నుంచే తెలుసుకున్నారు, అది 16.7 శాతం. ఎరువుల, పురుగుమందుల కొట్టు నుంచి తెలుసుకున్నవాళ్లు 13.1 శాతం. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి నుంచి తెలుసుకున్నవాళ్లు 5.7 శాతమే. ప్రభుత్వ ఉద్యోగి ఒక్కరికి చెప్పేలోపు కొట్టువాడు ఇద్దరికి చెబుతున్నాడన్నమాట.

కొట్టు మాట విన్న రైతుకు ఏమవుతుందో వరి సుడిదోమ విషయంలో చూద్దాం. దోమపోటు చూడని వరి రైతు మనలో లేడు. చేను మధ్యలో గుండ్రంగా ఎండి, నాలుగు రోజుల్లో కాలిపోయినట్టు అవుతుంది. అది చూసి భయపడి మనం ముందే మందు కొడతాం. అసలు తిరకాసు అక్కడే ఉంది. సుడిదోమ ఆకు మీద ఉండదు, దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. గుడ్లు ఆకు తొడిమ లోపల పెడుతుంది. పైనుంచి కొట్టిన మందు మొదలుకు సరిగా చేరదు, గుడ్లకు అసలే చేరదు. కానీ పైన తిరిగే సాలీళ్లను, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులను మాత్రం చంపేస్తుంది. వారం పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు వస్తే వాటిని తినేవాడు చేలో ఉండడు. ఆకుచుట్టు పురుగుకో, కాండం తొలిచే పురుగుకో ముందుగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలో దోమ ఉధృతి పెరగడానికి ఇదే కారణం. దానికి తోడు యూరియా ఎక్కువైతే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి కొట్టులో చెప్పరు. కొట్టువాడు చెడ్డవాడని కాదు. చెబితే ఆ రోజు అమ్మకం ఉండదు. పైగా మనం అరువు మీద తెస్తాం. పోయిన పంట బాకీ ఉన్నవాడు 'ఈ మందు నాకొద్దు' అని గట్టిగా అనగలడా? రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కడే అయితే రోగం ప్రతి వారం వస్తుంది. ప్రభుత్వం దీనికి చూపించిన మందు ఏమిటంటే, హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ద్వారా డీలర్లకు ఏడాది డిప్లొమా. చదువు మంచిదే, వద్దనం. కానీ డిప్లొమా వచ్చినంత మాత్రాన మార్జిన్ పోదు కదా.

దీనికి విరుగుడు ఏమిటో ఇండోనేషియా వరి రైతులు చూపించారు. అక్కడ ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి మందులు కొట్టించింది, దోమ దేశాన్ని ముంచింది. 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించారు. తర్వాత మందుల సబ్సిడీని దశలవారీగా ఎత్తేశారు. 1989 నుంచి ఊళ్లల్లో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలుపెట్టారు. మనం పొలంబడి అంటున్నది దాన్నే. అసలు పొలంబడి ఎలా జరగాలో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ పేరుతో మన ఊళ్లల్లో జరుగుతున్నది చాలాచోట్ల అది కాదు.

పాతిక ముప్పై మంది రైతులు నాట్ల నుంచి కోత దాకా వారానికి ఒక పూట చేలో కలుస్తారు. పక్కపక్కనే రెండు మడులుంటాయి. ఒకదాంట్లో మామూలుగా ఊళ్లో చేసే పద్ధతి, రెండోదాంట్లో చూసి, లెక్కించి, నిర్ణయించే పద్ధతి. అయిదుగురేసి గుంపులుగా చేనుకు అడ్డంగా నడుస్తూ ఇరవై దుబ్బులు చూస్తారు. దుబ్బును కాస్త వంచి తడితే దోమలు నీళ్ల మీద పడతాయి, అప్పుడు లెక్కపెట్టడం తేలిక. దోమలెన్ని, సాలీళ్లెన్ని, మిరిడ్ నల్లులెన్ని, పిలకలెన్ని, నీళ్లెంత అన్నీ చార్టు మీద బొమ్మ గీసి రాస్తారు. ఒక కుండీలో వరి మొక్క పెట్టి, దోమలనూ సాలీడునూ వదిలి, దోమతెర గుడ్డ కట్టి, మర్నాడు ఎన్ని దోమలు మిగిలాయో చూస్తారు. సాలీడు మనవైపు మనిషని అధికారి చెబితే సగం నమ్ముతాం, కళ్లారా చూస్తే పూర్తిగా నమ్ముతాం.

ఒక వారం లెక్క ఎలా ఉంటుందో అనుకుందాం. చేను పిలకల దశలో ఉంది. ఇరవై దుబ్బుల్లో కలిపి 90 దోమలు కనబడ్డాయి. అంటే దుబ్బుకు నాలుగైదు. సాలీళ్లు దుబ్బుకు ఒకటి, మిరిడ్ నల్లులు రెండు ఉన్నాయి. ఈ దశలో దుబ్బుకు పది దాటితేనే మందు ఆలోచించాలి. కాబట్టి ఆ వారం నిర్ణయం: మందు వద్దు, నీళ్లు తీసి చేను ఆరబెట్టాలి, యూరియా ఆపాలి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. అదే చేను ఈనే దశలో దుబ్బుకు పాతిక దోమలు, సాలీళ్లు అక్కడొకటి ఇక్కడొకటి అయితే మందు కొట్టాల్సిందే. కానీ దోమకు పనిచేసేదే, దుబ్బు మొదలు తడిసేలా కొట్టాలి. అలా కొట్టాలంటే చేలోకి మనిషి వెళ్లాలి. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా తీయమనేది అందుకే. గాలి ఆడితే దోమా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ చదువు గట్టు దాటదు. మందు కొట్టని చేనును పక్క రైతు చూసినా, ఎందుకు కొట్టలేదో అతనికి కనబడదు. కనబడేది ఖాళీగా ఉన్న కాలిబాటే, దాన్ని చూసి 'భూమి దండగ చేశాడు' అంటాడు. పంట బాగుంటే అదృష్టం అంటాడు. విత్తనం సంచిలో పడుతుంది, లెక్కపెట్టే అలవాటు పడదు.

ఇండోనేషియా మీద ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2004లో ఇదే విషయాన్ని పట్టుకున్నారు. బడికి వెళ్లినవాళ్ల నుంచి పక్కవాళ్లకు పాఠం చేరలేదన్నారు. వెళ్లినవాళ్ల దిగుబడిలో, మందుల వాడకంలో కూడా చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదన్నారు. మందుల వాడకం బాగా తగ్గిందని చూపించిన అధ్యయనాలూ చాలా ఉన్నాయి. అయినా పక్కవాళ్లకు చేరలేదన్న మొదటి మాటను మనం ఒప్పుకుందాం. దాని నుంచి వాళ్లు తీసిన ముగింపు ఏమిటంటే, పొలంబడి ఖరీదైనది, తక్కువ మందికే చేరుతుంది, కాబట్టి చవకైన దారి చూడండి. మన ముగింపు దానికి పూర్తిగా ఎదురు. పక్కవాడిని చూసి నేర్చుకోలేని చదువు కాబట్టే ప్రతి రైతూ బడికి వెళ్లాలి. ఎక్కాలు ఒక పిల్లవాడికి నేర్పితే వీధి పిల్లలందరికీ వస్తాయా? అందుకని బడి మూసేస్తామా?

చవకైన దారి పేరుతో జరుగుతున్నది చూస్తూనే ఉన్నాం. ఊరికో ఉద్యోగి ఉన్నాడు, కానీ అతని చేతిలో పంట నమోదు, సబ్సిడీ జాబితాలు, ధాన్యం కొనుగోలు, రోజుకో రిపోర్టు. డిజిటల్ పంట సర్వే భారం మోయలేక 2024లో తెలంగాణలో విస్తరణ అధికారులే ఆందోళనకు దిగారు. అలాంటి ఉద్యోగి పొలంబడి పెడితే ఒక ఫ్లెక్సీ, ఒక ఫోటో, గంట ఉపన్యాసం అవుతుంది. దోమలు లెక్కపెట్టేది ఎవరు? కౌలు రైతు పేరైతే జాబితాలోనే ఉండదు, ఎందుకంటే జాబితా పట్టాదారు పాసుపుస్తకం చూసి రాస్తారు. చేలో దిగేది ఒకరు, శిక్షణకు పిలిచేది ఇంకొకర్ని.

అందుకే మన డిమాండ్లు మూడు. ఒకటి, ప్రతి ఊళ్లో నాట్ల నుంచి కోత దాకా పూర్తి పంటకాలం పొలంబడి నడపాలి. జాబితా సాగు చేసేవాళ్ల పేర్లతో, కౌలుదార్లు, కలుపు తీసే ఆడవాళ్లు సహా తయారు కావాలి. దోమను మొదట చూసేది దుబ్బు పక్కన వంగి పనిచేసే ఆడవాళ్లే. రెండు, ఒక పంటకాలం బడి పూర్తి చేసిన రైతుల్లో చెప్పగలిగినవాళ్లకు కూలి కట్టి పక్క ఊరి బడి అప్పగించాలి. ఇండోనేషియాలో రైతు శిక్షకులే చాలా బడులు నడిపారు. ఉద్యోగి సాంకేతిక సాయానికి ఉంటాడు. మూడు, పొలంబడి ఫలితాన్ని హాజరు సంఖ్యతో, ఫోటోలతో కొలవొద్దు. ఎకరాకు ఎన్నిసార్లు మందు కొట్టారు, మందుల బిల్లు ఎంత అనే రెండు అంకెలతో కొలవాలి.

ఈ రెండు అంకెలు అడగడానికి ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఈ ఖరీఫ్‌లో ప్రతి గ్రామ కమిటీ పదిమంది రైతుల చేత, ఏ తేదీన ఏ మందు, ఎవరు చెబితే, ఎంతకు కొట్టారో నోటుబుక్కులో రాయించాలి. కొట్టులో ప్రతిసారీ బిల్లు అడిగి తీసుకోవాలి. పంట చివర్లో ఆ పుస్తకాలు తీసుకుని మండల వ్యవసాయ కార్యాలయానికి వెళదాం. 'ఎవరు చెబితే' అన్న గడిలో వ్యవసాయ శాఖ పేరు ఎన్నిసార్లు ఉందో, కొట్టు పేరు ఎన్నిసార్లు ఉందో వాళ్ల ఎదుటే లెక్కపెడదాం.